పై వరుసను చూసే ఫార్ములా సార్ట్ చేస్తే ఎందుకు తప్పుతుంది?

ప్రశ్న: మీటర్ రీడింగ్ తీసినప్పుడల్లా ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకుంటాను. తేదీ, రీడింగ్, దాని పక్కన వాడకం. వాడకం అంటే ఈ రీడింగ్ లోంచి పై వరుసలో ఉన్న రీడింగ్ తీసేయడమే. ఎక్కువ వాడకం ఉన్న రోజులు పైకి రావాలని ఆ కాలమ్ మీద సార్ట్ చేశాను. అంతే, మైనస్ అంకెలు వచ్చేశాయి, ఒక చోట #VALUE! వచ్చింది. మళ్ళీ సార్ట్ చేస్తే ఇంకో రకంగా మారింది. ఫార్ములాలో డాలర్ గుర్తులు పెట్టి చూశాను, ఎర్రర్ పోయింది కానీ అంకెలు తప్పే. ఫైల్ సేవ్ కూడా అయిపోయింది. నా లెక్కంతా పోయినట్టేనా? చాలా టెన్షన్‌గా ఉంది.

సమాధానం: ముందు మీ టెన్షన్ సంగతి చూద్దాం. మీరు చేత్తో టైప్ చేసినవి తేదీ, రీడింగ్ మాత్రమే. సార్ట్ చేసినప్పుడు మూడు కాలమ్‌లూ కలిసి కదిలి ఉంటే ఏ తేదీ పక్కన ఏ రీడింగ్ ఉండాలో అదే ఉంది. తప్పింది లెక్క మాత్రమే, సమాచారం కాదు. సేవ్ అయిపోయినా ఫరవాలేదు. డాలర్లు పెట్టిన ఫార్ములాలు ఇంకా అలాగే ఉంటే, ముందు షీట్‌ను తేదీ మీద పాత నుంచి కొత్తకు సార్ట్ చేయండి. తర్వాత రెండో రీడింగ్ ఉన్న వరుసలో డాలర్లు లేని పాత ఫార్ములా మళ్ళీ రాసి కిందికి లాగండి. మీ వాడకం అంకెలు తిరిగి వచ్చేస్తాయి.

ఒక్క సందర్భంలో మాత్రం ఇది కుదరదు. ఒకే కాలమ్ సెలెక్ట్ చేసి సార్ట్ నొక్కితే ఎక్సెల్ ఒక హెచ్చరిక చూపించి, "Expand the selection", "Continue with the current selection" అనే రెండు దారులు ఇస్తుంది. రెండోది ఎంచుకుంటే ఆ కాలమ్ ఒక్కటే కదులుతుంది, పక్క కాలమ్‌లు ఉన్నచోటే ఉండిపోతాయి. కదిలింది వాడకం కాలమ్ ఒక్కటే అయితే నష్టం లేదు, ఫార్ములాను మళ్ళీ నింపుకోవచ్చు. తేదీ గానీ రీడింగ్ గానీ ఒంటరిగా కదిలి ఉంటే జతలు తెగిపోయినట్టే. అప్పుడు పాత కాపీ వెతుక్కోవడమే మార్గం. మీరు చెప్పిన లక్షణాలను బట్టి మీ షీట్‌లో అలా జరగలేదనే నా నమ్మకం. మీటర్ రీడింగ్ ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుంది కాబట్టి సరి చూసుకోవడం కూడా తేలికే. తేదీ మీద సార్ట్ చేశాక రీడింగులు పై నుంచి కిందికి పెరుగుతూ పోతే జతలు భద్రంగా ఉన్నట్టు.

ఇక అసలు ఏం జరిగిందో చూద్దాం. మీ షీట్‌ను ఐదు వరుసలకు కుదించి రాస్తున్నాను. A కాలమ్‌లో తేదీ, B లో రీడింగ్, C లో వాడకం. రీడింగులు వరుసగా 1200, 1260, 1285, 1375, 1415 అనుకుందాం. మొదటి రీడింగ్‌కు ముందు ఇంకొకటి లేదు కాబట్టి C2 లో 0 అని టైప్ చేశాం. ఆ కింద ఇలా ఉంటుంది:

```
C3:  =B3-B2     60
C4:  =B4-B3     25
C5:  =B5-B4     90
C6:  =B6-B5     40
```

మొత్తం వాడకం 215. చివరి రీడింగ్ లోంచి మొదటిది తీసినా, అంటే 1415 లోంచి 1200 తీసినా 215 వస్తుంది. ఈ అంకె గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

C5 లో ఉన్నది చదివితే మనకు "1375 లోంచి 1285 తీసెయ్" అని అర్థమవుతుంది. ఎక్సెల్ దాన్ని అలా పట్టుకోదు. "నా వరుసలో ఉన్న రీడింగ్ లోంచి, నాకు సరిగ్గా ఒక వరుస పైన ఉన్న రీడింగ్ తీసెయ్" అని పట్టుకుంటుంది. ఆ పైన ఉన్నది ఏ తేదీదో దానికి పట్టదు. వరుస ఎంత దూరంలో ఉంది అన్నదే దానికి ముఖ్యం. సార్ట్ చేసినప్పుడు ఎక్సెల్ ప్రతి వరుసనూ కొత్త చోటికి కాపీ చేసి అతికించినట్టుగా పెడుతుంది. కాపీ చేస్తే ఫార్ములాలోని అడ్రసులు కొత్త చోటికి తగ్గట్టు మారడం మీరు చూసే ఉంటారు. ఇక్కడా అదే జరుగుతుంది.

ఇప్పుడు వాడకం ఎక్కువ నుంచి తక్కువకు సార్ట్ చేద్దాం. ఆ క్షణంలో ఉన్న విలువలు చూసి ఎక్సెల్ వరుసలను 90, 60, 40, 25, 0 క్రమంలో పెడుతుంది. అంటే రీడింగులు పై నుంచి 1375, 1260, 1415, 1285, 1200 అవుతాయి. వరుసలు స్థిరపడ్డాక ఫార్ములాలు మళ్ళీ లెక్క కడతాయి:

```
C2:  =B2-B1     #VALUE!
C3:  =B3-B2     -115
C4:  =B4-B3     155
C5:  =B5-B4     -130
C6:  0
```

పైకి వచ్చిన 1375 వరుసకు ఒక వరుస పైన ఉన్నది కాలమ్ శీర్షిక. 1375 లోంచి "రీడింగ్" అనే మాటను తీసివేయడం కుదరదు కాబట్టి #VALUE! వచ్చింది. దాని కింద 1260 లోంచి 1375 తీస్తే -115. తేదీ ప్రకారం 1260కి ముందున్నది 1200. ఆ రీడింగ్ ఇప్పుడు అడుగున కూర్చుంది, దాన్ని వెతకమని ఫార్ములాకు ఎవరూ చెప్పలేదు.

మళ్ళీ సార్ట్ చేస్తే ఇంకోలా ఎందుకు మారిందో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఎక్సెల్ సార్ట్ చేసింది పాత విలువల మీద. సార్ట్ అయ్యాక ఆ విలువలే మారిపోయాయి. అందుకే "ఎక్కువ నుంచి తక్కువకు" పెట్టిన కాలమ్‌లో -115 కింద 155 కనిపిస్తోంది. రెండోసారి నొక్కితే ఈ కొత్త విలువల మీద సార్ట్ అవుతుంది, మళ్ళీ విలువలు మారతాయి. సార్ట్ చేసిన కాలమ్ సార్ట్ అయినట్టు కనిపించకపోతే, ఆ కాలమ్‌లోని ఫార్ములా పక్క వరుసల మీద ఆధారపడి ఉందని అర్థం. ఇంతకంటే స్పష్టమైన గుర్తు ఇంకొకటి లేదు.

డాలర్ గుర్తుల సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే అక్కడ ఎర్రర్ కూడా కనిపించదు. మీరు C5 లో `=B5-$B$4` అనీ, మిగతా వరుసల్లోనూ అలాగే రాశారనుకుంటాను. డాలర్ పెడితే అడ్రస్ మారదు, నిజమే. కానీ B4 అనేది ఒక చోటు పేరు. అందులో ఉన్న 1285 అనే రీడింగ్‌కు పేరు కాదు. సార్ట్ చేశాక 1285 వేరే చోటికి వెళ్ళిపోయింది, B4 లోకి 1415 వచ్చింది. ఫార్ములా మాత్రం $B$4 వైపే చూస్తోంది:

```
C2:  =B2-$B$4     -40
C3:  =B3-$B$2     -115
C4:  =B4-$B$5     130
C5:  =B5-$B$3     25
C6:  0
```

1285 వరుసను చూడండి. దాని సరైన వాడకం 25, ఇప్పుడూ 25 అనే వచ్చింది. 1260 సార్ట్‌కు ముందూ తర్వాతా మూడో వరుసలోనే ఉండిపోవడం వల్ల యాదృచ్ఛికంగా కుదిరింది. నన్ను భయపెట్టేది ఇలాంటి అంకెలే. నాలుగింటిలో ఒకటి సరిగ్గా ఉంటే, చూసేవాళ్ళు ఆ ఒక్కటి చెక్ చేసి మిగతావీ బాగానే ఉన్నాయనుకుంటారు. సార్ట్ అయ్యే వరుసల బయట ఉన్న సెల్‌కు, ఉదాహరణకు యూనిట్ రేటు రాసిన ఒకే ఒక్క సెల్‌కు, డాలర్ పెట్టడం సరైనదే. సార్ట్‌లో తానే కదిలే సెల్‌కు డాలర్ పెడితే మాత్రం కాపాడదు, తప్పును దాచిపెడుతుంది.

కాబట్టి అడ్రస్ రాసే పద్ధతిని ఎటు మార్చినా లాభం లేదు. ముందు రీడింగ్ ఏదో ఫార్ములాకు చోటును బట్టి కాక, గుర్తును బట్టి తెలియాలి. "నా పైన ఉన్నది" అని కాకుండా "నాకంటే ముందు తీసిన వాటిలో చివరిది" అని చెప్పాలి. అలా చెప్పాలంటే ముందు–వెనక అనే సమాచారం ప్రతి వరుసలోనూ రాసి ఉండాలి, అది వరుసతో పాటే ప్రయాణించాలి. ఇప్పటిదాకా మీ షీట్‌లో ఆ సమాచారంలో కొంత భాగం వరుసల అమరికలోనే దాగి ఉంది. సార్ట్ చేయగానే చెరిగిపోయేది అదే.

తేదీ ఉంది కదా, అది చాలదా అంటారేమో. రోజుకు ఒకే రీడింగ్ అయితే చాలు. ఒకే తేదీన రెండు రీడింగులు రాసిన రోజు వస్తే మాత్రం వాటిలో ఏది ముందో తేదీ చెప్పలేదు. అప్పుడు రెండూ కిందటి రోజు రీడింగ్ లోంచే లెక్క కట్టుకుంటాయి, కొంత వాడకం రెండుసార్లు పడుతుంది. అందుకే నా సలహా, ఒక క్రమసంఖ్య కాలమ్ పెట్టుకోండి. పాత కాలమ్‌ల అక్షరాలు మారకుండా D లో పెడదాం. షీట్ తేదీ క్రమంలో ఉన్నప్పుడు 1, 2, 3 అని నింపండి. కొత్త రీడింగ్ రాసినప్పుడల్లా తర్వాతి అంకె వేయండి.

ఇక్కడ ఒక జాగ్రత్త చాలా అవసరం. ఈ క్రమసంఖ్యలు టైప్ చేసిన అంకెలై ఉండాలి, ఫార్ములాలు కాకూడదు. చాలామంది `=ROW()-1` అనో `=D2+1` అనో రాసి కిందికి లాగేస్తారు. చూడ్డానికి 1, 2, 3 అనే కనిపిస్తుంది. కానీ `=ROW()-1` సార్ట్ చేశాక కూడా పై నుంచి 1, 2, 3 అనే చూపిస్తుంది. ఏ వరుస పైకి వస్తే దానికి 1 ఇచ్చేస్తుంది. రెండోదీ పై వరుసను చూసేదే కాబట్టి మొదటి జబ్బే దానికీ ఉంది. ఒకవేళ ఇప్పటికే ఫార్ములాతో నింపి ఉంటే, సరైన క్రమంలో ఉండగానే ఆ కాలమ్ కాపీ చేసి, అదే చోట Paste Special లోని Values తో అతికించండి. ఫార్ములాలు పోయి అంకెలు మిగులుతాయి.

ఇప్పుడు పనిని రెండు అడుగులుగా చేద్దాం. ఒకే ఫార్ములాలో ఇరికించవచ్చు గానీ, రెండుగా ఉంటే తప్పు ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది. మొదటి అడుగు, E కాలమ్‌లో "నా ముందు రీడింగ్ క్రమసంఖ్య ఏది?" అని కనుక్కోవడం. రెండోది, ఆ సంఖ్య ఉన్న వరుస నుంచి రీడింగ్ తెచ్చుకుని తీసివేయడం.

```
E2:  =MAXIFS(D$2:D$6,D$2:D$6,"<"&D2)
C2:  =IF(E2=0,0,B2-INDEX(B$2:B$6,MATCH(E2,D$2:D$6,0)))
```

మొదటిది, D కాలమ్‌లో నా సంఖ్య కంటే చిన్నవాటిలో అన్నిటికంటే పెద్దది ఏదో చెబుతుంది. చిన్నది ఏదీ లేకపోతే 0 ఇస్తుంది, అంటే ఇది మొట్టమొదటి రీడింగ్. రెండోది ఆ 0 చూస్తే వాడకం 0 అంటుంది. లేకపోతే E2 లోని సంఖ్య D కాలమ్‌లో ఎక్కడుందో వెతికి, దాని పక్కనున్న రీడింగ్ తెచ్చి తీసివేస్తుంది. ఇంతకుముందు C2 లో చేత్తో వేసిన 0 ఇక అక్కర్లేదు. ఇదే ఫార్ములా పై నుంచి కింది దాకా అన్ని వరుసల్లోనూ ఒకేలా ఉంటుంది. ఇది చిన్న లాభం కాదు. ఒక వరుసకు మాత్రమే వేరే ఫార్ములా ఉన్న కాలమ్‌ను సార్ట్ చేస్తే ఆ ప్రత్యేక వరుస ఎక్కడో మధ్యలో తేలుతుంది.

"ముందు సంఖ్య అంటే D2-1 కదా, ఇంత ఎందుకు?" అనిపించవచ్చు. మధ్యలో ఒక తప్పుడు వరుస తొలగించారనుకోండి, 3 లేకుండా 2 తర్వాత 4 ఉంటుంది. D2-1 అని రాస్తే 4వ రీడింగ్ 3 కోసం వెతికి #N/A చూపిస్తుంది. MAXIFS అయితే 2 ను పట్టుకుంటుంది.

మళ్ళీ వాడకం మీద సార్ట్ చేసి చూద్దాం. 1375 వరుస రెండో వరుసకు వచ్చింది, దాని క్రమసంఖ్య 4 దానితోనే వచ్చింది. E2 లో 4 కంటే చిన్నవాటిలో పెద్దది 3. 3 ఇప్పుడు ఐదో వరుసలో ఉంది, దాని రీడింగ్ 1285. 1375 లోంచి 1285 తీస్తే 90. సార్ట్‌కు ముందు ఎంతో ఇప్పుడూ అంతే. మిగతా మూడూ అలాగే 60, 40, 25 గానే ఉంటాయి. విలువలు మారలేదు కాబట్టి కాలమ్ నిజంగానే ఎక్కువ నుంచి తక్కువకు కనిపిస్తుంది.

డాలర్లు ఇక్కడా ఉన్నాయి, వాటి పని మాత్రం వేరు. `D$2:D$6` అంటే మొత్తం జాబితా. దాని లోపల వరుసలు ఎటు తిరిగినా జాబితా జాబితానే, అందులో వెతికేది క్రమాన్ని పట్టించుకోదు. డాలర్ మరిచిపోయి `D2:D6` అని రాస్తే, ఫార్ములాను కిందికి లాగినప్పుడే ఆ రేంజ్ ఒక్కొక్క వరుస కిందికి జారుతుంది, పైన ఉన్నవి దానికి కనిపించవు. నేను ఒక సూత్రం పెట్టుకున్నాను. ఫార్ములాలో ఉన్న ప్రతి అడ్రస్ మూడింటిలో ఒకటి కావాలి: నా వరుసలోని సెల్, డాలర్లతో కట్టిన మొత్తం కాలమ్, లేదా సార్ట్ బయట ఉన్న సెల్. ఈ మూడింటిలోకీ రానిది ఒక్కటి కనిపించినా ఆ ఫార్ములాను అనుమానించాలి.

MATCH చివర ఉన్న 0 ను తీసేయకండి. అది వదిలేస్తే ఎక్సెల్ దాన్ని 1 అనుకుంటుంది, అంటే జాబితా చిన్న నుంచి పెద్దకు పేర్చి ఉందని నమ్మి వెతుకుతుంది. తేదీ క్రమంలో ఉన్నంతకాలం జవాబులు సరిగ్గా వస్తాయి, సార్ట్ మార్చగానే తప్పుతాయి. VLOOKUP లో నాలుగో విలువ వదిలేసినా ఇదే గొడవ, అక్కడ FALSE అని రాయాలి.

MAXIFS ఎక్సెల్ 2019 నుంచి ఉంది. మీది అంతకంటే పాతదైతే #NAME? అని చూపిస్తుంది. అప్పుడు E2 లో ఇది పెట్టండి, అదే పని చేస్తుంది:

```
=SUMPRODUCT(MAX((D$2:D$6<D2)*D$2:D$6))
```

మీకు ఒకటి కంటే ఎక్కువ మీటర్లు ఉంటే, లేదా ముందు ముందు వస్తే, F కాలమ్‌లో మీటర్ పేరు రాసి మొదటి అడుగులో ఒక షరతు కలిపితే సరిపోతుంది. C లోని ఫార్ములాను ముట్టుకోనవసరం లేదు:

```
=MAXIFS(D$2:D$6,D$2:D$6,"<"&D2,F$2:F$6,F2)
```

రోజూ వరుసలు పెరిగే షీట్‌లో 6 అని రాసుకుంటే రేపటికి చాలదు. డేటా లోపల ఒక సెల్‌లో నిలబడి Ctrl+T నొక్కి దాన్ని టేబుల్‌గా మార్చండి. దానికి Meter అనీ, కాలమ్‌లకు SNo, Reading, Prev అనీ పేర్లు పెడితే ఫార్ములాలు ఇలా అవుతాయి:

```
=MAXIFS(Meter[SNo],Meter[SNo],"<"&[@SNo])
=IF([@Prev]=0,0,[@Reading]-INDEX(Meter[Reading],MATCH([@Prev],Meter[SNo],0)))
```

`[@Reading]` అంటే నా వరుసలోని రీడింగ్, `Meter[Reading]` అంటే మొత్తం కాలమ్. "పై వరుస" అని చెప్పడానికి ఈ భాషలో మాటే లేదు. అది లోపంలా అనిపించి కొందరు `OFFSET([@Reading],-1,0)` అని రాసి దారి చేసుకుంటారు. అలా రాస్తే మళ్ళీ చోటును బట్టి వెతికే పాత పద్ధతికే వెళ్ళినట్టు.

మీరు అడగకపోయినా రన్నింగ్ టోటల్ గురించి చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి షీట్లు ఉన్నవాళ్ళు త్వరలోనే అక్కడికి వస్తారు. దానికి అందరూ రాసేది `=SUM(C$2:C5)` లాంటిది. మొదటి అడ్రస్ కట్టేసి ఉంటుంది, రెండోది వరుసతో పాటు జారుతుంది. సార్ట్ చేస్తే ఎర్రర్ రాదు, మైనస్ రాదు, పై నుంచి కిందికి చక్కగా పెరుగుతూనే ఉంటుంది. కానీ ఆ తేదీ నాటికి మొత్తం ఎంత అన్నది కాక, ఈ కొత్త క్రమంలో ఇక్కడిదాకా ఎంత అన్నది చూపిస్తుంది. నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఇలాంటి కాలమ్ నుంచి ఒక తేదీ నాటి నిల్వ తీసి రిపోర్టులో రాశాం. అంతకుముందు ఎవరో పేర్ల క్రమంలో సార్ట్ చేసి ఉన్నారని రెండు రోజుల తర్వాత గానీ బయటపడలేదు. క్రమసంఖ్య ఉంటే దీన్ని ఇలా రాయవచ్చు:

```
=SUMIFS(C$2:C$6,D$2:D$6,"<="&D2)
```

నా సంఖ్య దాకా ఉన్న వాడకాలన్నీ కలిపెయ్ అని దాని అర్థం. అవి ఏ వరుసల్లో ఉన్నా ఫరవాలేదు. "ముందు నిల్వకు ఈ వరుస కలుపు" అనే ధోరణిలో INDEX తో అదే కాలమ్ లోంచి ముందు నిల్వ తెచ్చుకోవాలని చూడకండి. ఫార్ములా తానున్న కాలమ్ మొత్తాన్నీ చూస్తుంది, అందులో తానూ ఉంది, కాబట్టి ఎక్సెల్ సర్క్యులర్ రిఫరెన్స్ అని ఆపేస్తుంది.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. ప్రతి వరుసా మొత్తం జాబితాను వెతుకుతుంది. 5,000 వరుసలుంటే 5,000 సార్లు 5,000 సెల్‌లు చూడాలి, అంటే 2.5 కోట్ల పోలికలు. వరుసలు పదివేలు దాటి పెరిగే కొద్దీ ప్రతి మార్పుకూ షీట్ ఆగి ఆలోచించడం మీకే తెలుస్తుంది. అంత పెద్ద జాబితా అయితే నేను మీ పాత `=B3-B2` నే ఉంచి, ఆ షీట్‌ను ఎప్పుడూ తేదీ క్రమం నుంచి కదపను. ఎక్కువ వాడకం రోజులు చూడాలంటే ఇంకో షీట్‌లో SORT వాడతాను. ఎక్సెల్ 2021 లోనూ మైక్రోసాఫ్ట్ 365 లోనూ అది ఉంది. మూల షీట్ పేరు Data అయితే:

```
=SORT(Data!A2:C6,3,-1)
```

మూడో కాలమ్ మీద ఎక్కువ నుంచి తక్కువకు పేర్చిన విలువలు అక్కడ కనిపిస్తాయి, మూల షీట్‌లో ఏదీ కదలదు. నిజానికి మీకు కావలసింది ఆ జాబితాను అప్పుడప్పుడూ చూడడమే అయితే, చిన్న షీట్‌కు కూడా ఇదే తక్కువ శ్రమ. మీతో పాటు ఇంకెవరైనా ఆ ఫైల్ తెరిచి సార్ట్ నొక్కే అవకాశం ఉంటే మాత్రం క్రమసంఖ్య పద్ధతికే వెళ్ళండి.

షీట్‌లో ఇంకా ఎక్కడెక్కడ ఇలాంటి ఫార్ములాలు ఉన్నాయో కనుక్కోవడానికి ఒక మంచి దారి ఉంది. File, Options, Formulas లోకి వెళ్ళి "R1C1 reference style" అన్న చోట టిక్ పెట్టండి. మీ పాత ఫార్ములా ఇలా కనిపిస్తుంది:

```
=RC[-1]-R[-1]C[-1]
```

R పక్కన ఏమీ లేకపోతే అది నా వరుస. R పక్కన బ్రాకెట్‌లో అంకె ఉంటే అది వేరే వరుస, -1 అంటే ఒకటి పైన. ఎక్సెల్ సార్ట్‌లో మోసుకెళ్ళేది ఈ రూపాన్నే, అక్షరం కూడా మార్చకుండా. అందుకే `R[` అని ఎక్కడ కనిపించినా ఆగి చూడండి. చూడడం అయ్యాక టిక్ తీసేస్తే A, B, C లు తిరిగి వస్తాయి.

అక్కడే ఇంకో దోషం కూడా బయటపడవచ్చు. ఫార్ములా రాస్తూ మధ్యలో వేరే షీట్‌కు వెళ్ళి వెనక్కి వచ్చి సెల్ మీద క్లిక్ చేస్తే, ఎక్సెల్ ఇదే షీట్ పేరును కూడా అడ్రస్ ముందు చేరుస్తుంది. `=B5*2` అని ఉండాల్సింది `=Sheet1!B5*2` అవుతుంది. రెండూ ఒకటే అనిపిస్తాయి, కానీ సార్ట్‌లో షీట్ పేరున్న అడ్రస్ కొత్త వరుసకు తగ్గట్టు మారదు, పాత వరుసనే చూస్తూ ఉండిపోతుంది. తన వరుసను మాత్రమే చూసే అమాయకమైన ఫార్ములా కూడా ఇలా తప్పుతుంది. ఆ పేరు తీసేస్తే చాలు. ఇక లిబ్రే ఆఫీస్ కాల్క్ వాడేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, అక్కడ ఆప్షన్స్‌లో "Update references when sorting range of cells" అనే టిక్ ఉంటుంది. అది పెట్టి ఉందా లేదా అన్నదాన్ని బట్టి ఇదే ఫార్ములా వేరే ఫలితం ఇస్తుంది. క్రమసంఖ్య మీద నడిచే ఫార్ములాకు ఆ తేడా తగలదు.

అన్నీ మార్చాక నమ్మే ముందు ఒక పరీక్ష చేయండి, ఐదు నిమిషాలు పడుతుంది. షీట్ సరైన క్రమంలో ఉన్నప్పుడు వాడకం కాలమ్ కాపీ చేసి, ఖాళీగా ఉన్న G లో Values గా అతికించండి. అవి ఇక ఫార్ములాలు కావు, తమ వరుసతో పాటు కదిలే మామూలు అంకెలు. H2 లో `=C2-G2` అని రాసి కిందికి నింపండి, అన్నీ 0 రావాలి. ఇప్పుడు A నుంచి H దాకా మొత్తం సెలెక్ట్ చేసి రీడింగ్ మీద పెద్ద నుంచి చిన్నకు సార్ట్ చేయండి, తర్వాత వాడకం మీద, ఆ తర్వాత తేదీ మీద. ప్రతిసారీ H లో 0 లే ఉండాలి. ఎక్కడైనా 0 కానిది కనిపిస్తే ఆ వరుసలోని C, E ఫార్ములాలు తెరిచి చూడండి. చాలాసార్లు డాలర్ లేని రేంజో, ఫార్ములాగా మిగిలిపోయిన క్రమసంఖ్యో దొరుకుతుంది.

మొత్తం వాడకం మాత్రమే పోల్చి సరిపెట్టుకోకండి. 215 మొత్తం 215 గానే ఉండి, ఒక రోజు వాడకం ఇంకో రోజు పక్కకు చేరి ఉండవచ్చు. వరుస వరుసకూ పోల్చే H కాలమ్ దాన్ని పట్టుకుంటుంది. పరీక్ష అయ్యాక G, H లు తీసేయవచ్చు. నేనైతే కొత్త షీట్‌లో మొదటి నెల రోజులు వాటిని అలాగే ఉంచుతాను.